తొండకు తొడిగిన బూట్లు

ప్రొద్దుటూరు బట్టల అంగళ్లలో 'ఒరిజినల్' అనే మాటకు నిఘంటువులో లేని అర్థం ఒకటి ఉంది. పిల్లలు టీవీలో చూసే బొమ్మ అంగీ మీద ఉంటే అది ఒరిజినల్. ఆ బొమ్మ ఎవరిదో, అంగీ కుట్టినవాడికి దాన్ని వాడుకునే హక్కు ఉందో లేదో ఎవరూ అడగరు. ఎవరైనా సొంతంగా ఊహించి గీసిన బొమ్మ అంగీ మీద కనిపిస్తే మాత్రం దాన్ని డూప్లికేట్ అంటారు. దినపత్రిక డెస్కులో ఇంగ్లీషు వార్తలను తెలుగు చేస్తూ బతికిన నాకు ఈ తలకిందుల వాడుక మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది.

ఆ మాట నేను విన్నది మా వీధి చివర పిల్లల బట్టలు కుట్టించే వ్యాపారి దగ్గర. కింద అంగడి, పైన కుట్టుమిషన్లు. జమ్మలమడుగు, పులివెందుల, మైదుకూరు అంగళ్లకు సరుకు ఆయన దగ్గర్నుంచే పోయేది. అంగీల మీద ఎక్కువగా కనిపించేది టీవీలో పొద్దునా సాయంత్రం గంతులేసే నీలం తోక కోతి. ఆ కోతి స్టిక్కర్లు చుట్టలు చుట్టలుగా తమిళనాడు నుంచి వచ్చేవి. వేడి మిషన్ కింద పెట్టి అదిమితే గుడ్డకు అంటుకునేవి.

ఒకరోజు మధ్యాహ్నం ఆ వ్యాపారి నాకు ఫోను చేశాడు.

"సామీ, బిరీన రాప్పా. ఢిల్లీ నుంచి ఎవురో లాయరమ్మ వచ్చిండాది. పోలీసోళ్లు గూడా ఉండారు. కాయితాలన్నీ ఇంగ్లీషే. ఏంది రాసినారో నువ్వు చదివి చెప్పాల."

వెళ్లేసరికి అంగడి షట్టరు సగం దించి ఉంది. వచ్చినావిడ కోర్టు నియమించిన కమిషనర్. కోతి హక్కులున్న కంపెనీ ఢిల్లీ కోర్టులో దావా వేసింది. అంగడిలో ఉన్న కోతి సరుకును పట్టీ రాసి, మూటలకు సీలు వేసి రమ్మని కోర్టు ఆమెను పంపింది. ఆమె కసరలేదు, బెదిరించలేదు. ఒక్కొక్క అంగీని ఫొటో తీయించింది. సీలు వేసిన మూటలను మళ్లీ వ్యాపారికే అప్పగించి, కోర్టు అడిగినప్పుడు చెక్కుచెదరకుండా చూపిస్తానని రాయించుకుంది. ఆ రాతను నేను తెలుగులో చదివి వినిపించాను.

"నా అంగట్లో నా సరుకు, నేనే కాపలా కాయాలనా?" అన్నాడు వ్యాపారి.

"అంతే" అన్నాను.

"మరి అమ్ముకునేదానికి?"

"అమ్మకూడదు."

ఆయన ఆ మూటల వైపు చూసిన చూపు నాకు ఇంకా గుర్తుంది. పెంచిన పొట్టేలును తాడుతో సహా ఎవరో తోలుకుపోతున్నట్టు చూశాడు.

చివరికి లాయరును పెట్టుకొని రాజీకి పోయాడు. ఇకమీదట ఆ కోతి జోలికి పోనని హామీపత్రం రాసిచ్చాడు. అది అయ్యాక ఆయనకు సొంత బొమ్మ మీద మనసు పడింది. అప్పుడే బొమ్మలు గీసే ఆమె వచ్చింది.

ఆమె మా ఇంటి వెనక సందులో ఉంటుంది. వాళ్ల నాన్న లారీలకు, గోడలకు పేర్లు రాసేవాడు. ఫ్లెక్సీలు వచ్చాక ఆ పని పోయింది. భర్త కువైట్‌లో డ్రైవరు. ఆయన పంపిన ట్యాబ్ మీద ఆమె బొమ్మలు గీసేది. పెళ్లిళ్లకు గోరింటాకు పెట్టేది, ఫ్లెక్సీ అంగళ్లకు డిజైన్లు చేసి ఇచ్చేది. ముప్పయ్యేళ్లు దాటి ఉండవు. నన్ను 'సార్' అనేది. మా ఆవిడతోనే ఎక్కువ మాట్లాడేది.

వ్యాపారి మొదట ఆమెను అడిగింది సొంత బొమ్మ కాదు. "అదే కోతిని కొంచెం మార్చి వెయ్యి పాపా. తోక ఎర్రగా చెయ్యి. చెవులు పొడుగ్గా లాగు. ఏడు మార్పులు చేస్తే కేసు ఉండదంట" అన్నాడు.

ఈ ఏడు మార్పుల సంగతి ఆ వీధిలో అందరికీ తెలుసు. ఎవరు కనిపెట్టారో తెలియదు. కొందరు ఐదు చాలంటారు. ఇంకొకాయన మూడంటాడు. ఆమె, నేను వ్యాపారితో కలిసి ఆయన లాయరు దగ్గరికి పోయి అడిగాం. లాయరు కోర్టు నుంచి అప్పుడే వచ్చినట్టున్నాడు, మెడపట్టీ విప్పుతున్నాడు.

"మార్పులు లెక్కపెట్టేదానికి జడ్జి ఏమన్నా కిరాణా కొట్టు పెట్టుకున్నాడా?" అన్నాడాయన. "మామూలు మనిషి ఆ బొమ్మను చూస్తే ఏం గుర్తొస్తాది? కోతి గుర్తొచ్చిందా, అయిపోయినట్టే. నువ్వు తోకకు ఏ రంగు పూసినా అంతే."

ఆమె బయటికి వచ్చాక ఆటోలో నాతో అంది: "ఆ కోతిని ఎదురుగా పెట్టుకొని మారుస్తా పోతే, ఎంత మార్చినా దాని దగ్గరికే వస్తాది సార్. రెండు దినాలు గీసి చూసినా. అది కండ్లల్లో నుంచి పోదు."

తర్వాత కొన్నాళ్లు ఆమె ట్యాబ్‌లో ఏ కార్టూనూ చూడలేదు. ఇంట్లో పిల్లలకు కూడా టీవీ కట్టేసింది. వాళ్ల ఇంటికీ మా ఇంటికీ మధ్య నాపరాళ్లు నిలబెట్టి కట్టిన గోడ ఉంది. ఎండెక్కితే దాని మీదికి తొండలు వస్తాయి. మెడ కింద ఎరుపు, వీపు మీద రంపపు పళ్లు. ముందుకాళ్ల మీద లేస్తూ పడుతూ తల ఊపుతుంటాయి. ఇంట్లో పని అయ్యాక ఆమె మిద్దె మీద కూర్చుని వాటిని గీసేది. మా ఆవిడ ఇక్కడి నుంచి కేకేసేది, "ఏం పిల్లా, ఆ తొండల్తో ఏం మాట్లాడతాండావు?"

"అవే మాట్లాడతాండాయి అత్తా, నేను ఇంటాండా."

మా ఆవిడ అత్త ఎలా అయిందో నేను అడగలేదు. నేను మాత్రం సారుగానే ఉండిపోయాను.

అలా పుట్టింది ఆ తొండ. పొట్ట లావు, కాళ్లు సన్నం. ఒక కన్ను ముందుకు చూస్తుంటే ఇంకో కన్ను పక్కకు చూస్తుంది. తల ఎప్పుడూ ఎత్తే ఉంటుంది, ఎవరో ఏదో అన్నారని పోట్లాటకు పోతున్నట్టు. చూస్తే ఎవరికైనా నవ్వొస్తుంది, అయితే ఎక్కడా చూసినట్టు అనిపించదు. మొదటి గీత నుంచి ప్రతి దశనూ తేదీతో దాచిపెట్టింది. ఎప్పుడైనా అవసరం పడితే ఇది నేనే గీశాను అని చూపించుకోవడానికి. ఒక సాయంత్రం నా దగ్గర కూర్చుని ట్రేడ్ మార్కుల రిజిస్ట్రీ వెబ్‌సైటులో బట్టల తరగతి కింద ఎవరైనా ఇలాంటి తొండను నమోదు చేసుకున్నారా అని వెతికింది. బల్లులు కనిపించాయి. మొసళ్లు కనిపించాయి. ఈ తొండ కనిపించలేదు. బొమ్మను ఇంటర్నెట్‌లో ఎక్కించి, దాన్ని పోలిన బొమ్మలు చూపించే వెతుకులాట కూడా చేసింది. ఏమీ తగల్లేదు.

వ్యాపారి చూసి మొహం చిట్లించాడు.

"తొండనా? పిల్లోళ్ల అంగీ మీద తొండ ఏందమ్మా? గోలీలాట్లో మోసం చేస్తే తొండి అంటారు. రేపు నా సరుకును అందరూ తొండి సరుకు అంటారు."

"ముందు ఉండిందే దొంగ సరుకు గదా మామా" అంది ఆమె.

అంగడిలో బట్టలు మడతపెడుతున్న ఆడవాళ్లంతా నవ్వారు. వ్యాపారి కూడా నవ్వాడు. ఆ రోజుల్లో ఆయన నవ్వగలిగేవాడు.

"సరే గానీ, కాళ్లకు ఏమీ లేకుండా ఉంది చూడు. దరిద్రంగా ఉంది. బూట్లు వెయ్యి."

"తొండకు బూట్లేంది మామా?"

"అంగీ కొనేది తొండ కాదు గదమ్మా, తల్లిదండ్రులు. వాళ్లకు బూట్లు కావాల."

ఆమెకు నచ్చలేదు. ఆ సన్నకాళ్లే దాని అందమని నాతో చెప్పింది. అయినా తెల్ల బూట్లు గీసింది. ఉత్త బూట్లు. ఒక గీత గానీ, గుర్తు గానీ లేని బూట్లు. కావాలనే అలా చేసింది. బూటు పక్కన ఏ వంకర గీత గీసినా ఏదో ఒక కంపెనీ గుర్తులా కనిపిస్తుందని ఆమెకు తెలుసు.

సరుకు జమ్మలమడుగు పోయింది. నేను వేరే పని మీద వెళ్లినప్పుడు అక్కడి అంగడిలో కాసేపు కూర్చున్నాను. ఒకావిడ అంగీని తిప్పి చూసి, "ఇది డూప్లికేట్ గదా. ఒరిజినల్ కోతిది లేదా?" అంది. అంగడాయన, "కోతిని పోలీసోళ్లు పట్టుకపోయినారు తల్లీ, ఇప్పుడు తొండదే రాజ్యం" అన్నాడు. ఆమె నవ్వి అంగీని కింద పెట్టబోయింది. ఆమె కొడుకు వదల్లేదు. తొండలా తల ఊపుతూ అంగీని రొమ్ముకు హత్తుకున్నాడు. ఆమె కొనక తప్పలేదు.

ఇలాగే మెల్లగా కదిలింది. పెద్దవాళ్లు వద్దన్నారు, పిల్లలు పట్టుకున్నారు. పులివెందులలో చిన్నపిల్లల ప్లేస్కూలు నడిపే మేడమ్ వాళ్ల ఇంట్లో ఒక పిల్లకు ఆ అంగీ కొన్నారట. ఆవిడ బొమ్మ గీసినామెకు ఫోను చేసి, తన స్కూలు గోడల మీద ఆ తొండను వెయ్యాలని, పిల్లల సంచుల మీద కూడా అచ్చు వేయించాలని అడిగింది. వ్యాపారికి పట్టిన గతి ఆవిడ విన్నది. టీవీ బొమ్మలు వేస్తే తనకూ అదే వస్తుందేమోనని భయం. సొంత బొమ్మ అయితే నిశ్చింత అనుకుంది.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. వ్యాపారి ఆమె చేత బొమ్మ గీయించుకున్నాడు గానీ ఎవరి హక్కు ఏమిటని ఏ కాగితమూ రాసుకోలేదు. లాయరు చెప్పింది ఇది: "ఈమె నీ దగ్గర జీతానికి ఉన్న మనిషి కాదు. హక్కులు నీకు రాసిచ్చిందీ లేదు. కాబట్టి బొమ్మ నాదని ఆమె అనొచ్చు. నేను దుడ్లిచ్చి గీయించుకున్నా, నాదే అని నువ్వూ అనొచ్చు. తగువులాడే బదులు ఇప్పుడే రాసుకోండి." వాళ్లు రాసుకున్నారు. బొమ్మ ఆమెది. పిల్లల అంగీల మీద వాడుకునే అనుమతి మాత్రం వ్యాపారిది. గోడలు, సంచులు ఆమె ఇష్టం. ఆ ఒప్పందం కాపీని పట్టుకొని లాయరు ఇంటి నుంచి వస్తున్నప్పుడు ఆమె ముఖంలో వెలుగు చూశాను. వాళ్ల నాన్న ఊళ్లో సగం గోడల మీద పేర్లు రాశాడు, ఒక్కదాని మీద కూడా తన పేరు రాసుకోలేదు. ప్లేస్కూలు మేడమ్ మాత్రం తొండ కింద ఆమె పేరు రాయడానికి ఒప్పుకుంది.

గోడ కొలతలు తీసుకోవడానికి ఆమె పులివెందులకు పోయింది. నాకు అటు పని ఉండడంతో ఒకే బస్సులో వెళ్లాం. ప్లేస్కూలు మేడమ్ మమ్మల్ని కూర్చోబెట్టి, లోపలి నుంచి అన్న కూతుర్ని పిలిచింది. పిల్ల తొండ అంగీ వేసుకొని వచ్చింది. కొత్త లాటులోది.

"ఇప్పుడు శానా బాగుందమ్మా. ముందు బూట్లు బోసిగా ఉండె" అంది మేడమ్.

బొమ్మ గీసినామె పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చుంది. అంగీ అంచును వేళ్లతో పట్టుకొని చూసింది. తొండ బూట్ల మీద చిన్న గుర్తు ఉంది. మూడు ఈకలు. ఆ ఈకల బూట్లు తెలియనివాళ్లు లేరు. ఆటగాళ్లు వేసుకుంటారు. ప్రొద్దుటూరులో నకిలీవి వారపు సంతలో కూడా దొరుకుతాయి. ఇక్కడ ఈకలు కుడి నుంచి ఎడమకు తిరిగి ఉన్నాయి. అసలువి ఎడమ నుంచి కుడికి.

ఆమె పిల్ల చెంప తట్టి లేచింది. గోడ కొలతలు తీసుకుంది. బస్సులో కిటికీ వైపు తిరిగి కూర్చుంది. ప్రొద్దుటూరులో దిగాక నేరుగా అంగడికి పోయింది. నేనూ వెంట పోయాను.

"ఆ ఈకలు ఎవురు పెట్టినారు మామా?"

వ్యాపారి దాచలేదు. "నేనే పెట్టమన్నాలే. అచ్చు ఫిల్ములు తీసేటాయన పెట్టినాడు. జమ్మలమడుగోళ్లు బూట్లు ఉత్తగా ఉండాయి అనిరి. బ్రాండు ఉంటే అమ్ముడుపోతాదంటాండారు. దానికేమి?"

"దానికేమా? కోతి కేసు మర్చిపోతివా?"

"కోతి వేరే, ఇది వేరే. ఇది బూటు మీద ఇంత గుర్తు. పైగా తిరగేసినాం చూడు. ఫిల్ము తిరగేసి వేసినాడు. తిరగేస్తే అది వాళ్లది కాదు."

గుడ్డ మీద అచ్చు వేసే స్క్రీన్లకు ఫిల్ములు తీసే అతను అక్కడే ఉన్నాడు. "అద్దంలో చూసినట్టు ఉంటాది మేడమ్. ఒకటే కాదు గదా" అన్నాడు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ వీధిలో ఏడు మార్పుల మాట ఎట్లాగో, తిరగేసిన గుర్తుకు కేసు లేదన్న మాట కూడా అట్లాగే.

"నీ మొగాన్ని అద్దంలో చూస్తే నీ పెండ్లాము గుర్తుపట్టదా?" అంది ఆమె.

నవ్వు రాలేదు ఎవరికీ. ఆమె ఆ స్క్రీన్ల మీది ఈకలను తీసెయ్యమని, కుట్టిన సరుకు బయటికి పంపొద్దని అడిగింది. వ్యాపారి ఈ లాటు పోనీ అన్నాడు. వచ్చే లాటులో తీసేస్తానన్నాడు. ఆమె ఇంటికి పోయి, తన ఒప్పందంలో బొమ్మను మార్చే అనుమతి లేదని లాయరు చేత ఒక కాగితం రాయించి పంపింది. వ్యాపారి దాన్ని చదవకుండానే గల్లాపెట్టె కింద పెట్టాడు.

వచ్చే లాటు రాలేదు. అంతకంటే ముందు నోటీసు వచ్చింది.

బూట్ల కంపెనీ మనిషి ఒకతను మైదుకూరు అంగడిలో మామూలు గిరాకీలా ఒక అంగీ కొని బిల్లు తీసుకున్నాడు. నోటీసుకు ఆ బిల్లు కాపీ, అంగీ ఫొటో జతచేశారు. గుర్తును తిరగేసినా, చిన్నదిగా చేసినా, చూసినవాళ్లు తమ గుర్తనే పొరబడతారని రాశారు. సరుకు నాశనం చేసి, హామీ ఇవ్వకపోతే దావా వేస్తామన్నారు. నేను చదువుతున్నంత సేపూ వ్యాపారి చెమట తుడుచుకుంటూనే ఉన్నాడు. కోతి కేసు అనుభవం ఉన్నవాడు కదా, కొట్లాడే ఓపిక లేదు. నాలుగు రోజుల తర్వాత హామీపత్రం ముసాయిదా కూడా వాళ్లే పంపారు. సంతకం పెట్టడానికి పెన్ను తీశాడు.

ముసాయిదాలో నాకు ఒక వాక్యం దగ్గర చూపు ఆగింది. ఈకల గుర్తును గానీ, జతచేసిన ఫొటోలోని చిత్రాన్ని గానీ, దానిని పోలిన చిత్రాన్ని గానీ ఏ రూపంలోనూ వాడబోమని ఉంది. ఫొటోలో ఉన్నది మొత్తం తొండ. దాని కింద సంతకాలకు రెండు చోట్లు ఉన్నాయి. ఒకటి వ్యాపారిది. రెండోది, చిత్రం గీసినవారిది. నోటీసు అందగానే వ్యాపారి భయపడి వాళ్లకు ఫోను చేసి, 'బొమ్మ నేను వెయ్యలేదు, ఆమె వేసింది' అని చెప్పేశాడు. ఆమె పేరు, ఊరు వాళ్లకు ఆయనే ఇచ్చాడు.

ఆమెను పిలిపించి వాక్యాన్ని తెలుగులో చెప్పాను. రెండుసార్లు చెప్పించుకుంది.

"అంటే, తొండను నేను మళ్లా గీయగూడదా?"

"దీని మీద సంతకం పెడితే గీయకూడదు."

"ఈకలు నేను పెట్టలే గదా సార్."

"పెట్టలేదు."

వ్యాపారి మధ్యలో అందుకున్నాడు. "పెట్టేయమ్మా. ఒక తొండ పోతే ఇంకో బల్లిని గీస్తావు. నీకేమి చేతులు లేవా? ఢిల్లీ కోర్టుకు పోగలవా నువ్వు?"

ఆ రాత్రి కువైట్ నుంచి ఆమె భర్త నాకు ఫోను చేశాడు. సంతకం పెట్టమని తాను కూడా చెబుతున్నానని, కోర్టులంటే తనకు భయమని, సార్ మీరు చెబితే వింటుందని అన్నాడు. నేను మరుసటి రోజు అతని మాట ఆమెకు చేరవేశాను. అంతకు మించి ఏమీ చెప్పలేదు. ఆమె సంతకం పెట్టలేదు. లాయరు దగ్గరికి పోయింది. లాయరు కంపెనీ వాళ్లకు మెయిలు రాశాడు. బొమ్మ ఈమె సొంతంగా కల్పించినదని, మొదటి గీత నుంచి ఉన్న దశలన్నీ ఇవని, ఈమె గీసిన దానిలో బూట్లు ఖాళీగా ఉన్నాయని, గుర్తును చేర్చింది ఈమె కాదని, హామీని ఆ గుర్తు వరకే పరిమితం చేయమని.

జవాబు కోసం వ్యాపారి ఆగలేదు. తన వంతు సంతకం పెట్టి పంపేశాడు. సరుకు నాశనం చేసే రోజు కంపెనీ తరఫున ఒకతను వచ్చాడు. మిద్దె మీద అంగీలన్నీ కుప్ప పోశారు. కుట్టుమిషన్ల ఆడవాళ్లకే కత్తెర్లు ఇచ్చి కోయమన్నారు. వాళ్లు కుట్టినవే. ఆమె వచ్చి పిట్టగోడ దగ్గర నిలబడింది. కాసేపు చూసి, ఆ వచ్చినతని దగ్గరికి పోయింది. అతను తిరుపతి వైపువాడు, తెలుగు వచ్చు.

"సార్, తప్పు బూట్ల దగ్గరే గదా ఉండాది. మోకాళ్ల కింద కత్తిరిస్తే చాలదా? పైన తొండ ఉంటాది."

అతను ఆమె వైపు జాలిగా చూశాడు. "అంగీలో సగం కత్తిరిస్తే అంగీ ఎవరు కొంటారమ్మా? నాకు ఇచ్చిన ఆర్డరులో అంగీ అని ఉంది. బూటు అని లేదు."

ఒక ముసలావిడ కత్తెర ఆపి, "ముందు తలకాయ కొయ్యాల్నా, కాళ్లు కొయ్యాల్నా?" అని అడిగింది. ఎగతాళి కాదు. నిజంగానే అడిగింది. అతను ఎటైనా సరే అన్నాడు. ముక్కలను ఫొటో తీసుకొని వెళ్లిపోయాడు.

కొన్నాళ్లకు కంపెనీ లాయర్ల జవాబు వచ్చింది. చాలా చిన్నది. ఆ జంతువు బొమ్మ మీద తమ కక్షిదారుకు ఎలాంటి హక్కూ లేదని, ఎలాంటి అభ్యంతరమూ లేదని, తమ గుర్తు లేకుండా ఆమె దాన్ని స్వేచ్ఛగా వాడుకోవచ్చని, ఆమె ఏ హామీ మీదా సంతకం పెట్టనక్కర లేదని. వాళ్లకు తొండతో మొదటి నుంచీ పని లేదు. ఎవరో గుమస్తా ఫొటోను మొత్తంగా జతచేశాడు, అంతే.

ఆ కాగితాన్ని ఆమె పులివెందులకు తీసుకుపోయింది. ప్లేస్కూలు మేడమ్ అప్పటికే మాట మార్చింది. నోటీసు కబురు ఆమెకు చేరింది. నేను ఆ రోజు వెంట లేను. వచ్చాక ఆమె మా ఆవిడకు చెప్పింది.

"కాయితం చూపించినా అత్తా. చదివింది. చదివి ఏమంది తెలుసా? 'కోతి బొమ్మ ఈ ఊళ్లో అన్ని స్కూళ్ల గోడల మీదా ఉండాది, ఎవురన్నా వచ్చినారా? కేసు వచ్చింది తొండ మీదనే గదా' అంది."

మా ఆవిడ ఏదో చెప్పబోయింది. ఆమె చేయి అడ్డం పెట్టింది.

"నేనూ చెప్పినా. కోతి మీద వచ్చింది కాబట్టే గదా తొండ పుట్టింది అని. 'అది అంగడోని మీద వచ్చిందమ్మా, స్కూలు మీద రాలే' అంటాది. మేము ఫీజులు తీసుకునేది చదువు చెప్పేదానికి, కోతిని అమ్మేదానికి కాదంట. సంచి మీద ఏస్తే అమ్మినట్టు కాదా అంటే, సంచి ఊరికే ఇస్తాం అంటాది. ఫీజులోనే కలిపి."

ఆ గోడ మీద కోతిని వేరే పెయింటరు వేశాడు. వ్యాపారి కొన్నాళ్లు బొమ్మలు లేని గళ్ల అంగీలు కుట్టించాడు. ఇప్పుడు జమ్మలమడుగు అంగళ్లలో మళ్లీ కోతులు కనిపిస్తున్నాయి. ఎక్కడ కుట్టించారో అడిగితే చెప్పరు. ఆమె తొండను ఇంకో ఇద్దరు ముగ్గురికి చూపించింది. ఒకాయన సంచుల వ్యాపారి. బొమ్మ చూడగానే, "ఇది ఆ ఢిల్లీ కేసుది గదా?" అన్నాడట. కంపెనీ కాగితం చూపిస్తే ఆయన అనుమానం ఇంకా పెరిగింది. ఏ కేసూ లేని బొమ్మకు లాయరు కాగితం ఎందుకుంటుంది అన్నాడు.

మొన్న ఎండాకాలంలో నేను పులివెందుల వెళ్లినప్పుడు ఆ ప్లేస్కూలు ముందు ఆటో దిగాను. లోపల నిచ్చెన వేసి ఉంది. నిచ్చెన మీద ఆమె. కోతి పక్కన ఖాళీ ఉన్న చోట అక్షరాలు రాస్తోంది. నన్ను చూసి దిగింది, కొంగుతో మొహం తుడుచుకుంది.

"పెయింటరుకు చేతిరాత సరిగా రాదంట సార్. అక్షరాలు మటుకు నువ్వు రాసిపో అని మేడమ్ పిలిచింది." కుంచెను డబ్బా అంచుకు రాసి రంగు పిండింది. "అక్షరాలకైతే ఎవురూ నోటీసు ఇయ్యరు గదా."

నేను కోతి వైపు చూశాను. బాగానే వేశాడు. నీలం తోక గోడ చివరి దాకా మెలికలు తిరిగి ఉంది.

"మీ పేరు రాయమన్నదా?" అని అడిగాను.

"దేని కింద రాయాల సార్?"

మేడమ్ వరండాలోకి వచ్చింది. నన్ను చూసి నమస్కారం పెట్టింది. తర్వాత గోడను కిందికీ పైకీ చూసి, "ఆ 'ళ' కోతి తోకకు తగిలేటట్టు ఉందమ్మా. కొంచెం జరిపి రాయి" అంది.

ఆమె తడిగుడ్డ తీసుకొని, అప్పుడే రాసిన అక్షరాన్ని తుడిచి, బెత్తెడు ఎడంగా మళ్లీ మొదలుపెట్టింది.